పిచ్చుకల మీద బ్రహ్మాస్త్రం వేస్తే ఎంత ఎక్స్‌పీ?

దసరా సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. అమెరికాలో ఉండే వాళ్ల పెదనాన్న తన కొడుకు చిన్నప్పుడు ఆడుకున్న గేమ్‌బాయ్‌ని బాగు చేయించి, కార్ట్రిడ్జ్‌లో కొత్త బ్యాటరీ వేయించి మరీ వేసవిలో వీడికి పంపించాడు. అందులో ఉన్నది ‘పోకెమాన్ ఎల్లో’ అనే ఆట. ఆ రోజు మధ్యాహ్నం వీడు అన్నం కలుపుకోకుండా ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

“మామయ్యా, ఇది పాడైపోయినట్టుంది. మొదట్లో నాలుగు పిట్టల్ని కొడితే లెవెల్ పెరిగేది. పొద్దున్నించి అదే చోట అవే పిట్టల్ని కొడుతున్నా, ఒక్కటీ పెరగలేదు.”

తీసుకుని చూశాను. వాడి పికాచూ 50వ లెవెల్లో ఉంది. వివరాల పేజీలో తర్వాతి లెవెల్‌కి ఇంకా ఎన్ని అనుభవ పాయింట్లు కావాలో కనిపిస్తుంది. ఆ సంఖ్య ఏడు వేల పైన ఉంది. వాడేమో ఆట మొదలైన ఊరి పక్కనే ఉన్న రూట్ 1 గడ్డిలో నిలబడి, మూడో లెవెల్ పిడ్జీలను కొడుతున్నాడు. పిడ్జీ అంటే చిన్న పక్షి. పికాచూ ఒక్క మెరుపు విసిరితే చాలు, పడిపోతుంది. మన పెద్దవాళ్లు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అచ్చంగా అదే పని పొద్దున్నించి జరుగుతోంది. గేమ్‌బాయ్ పాడవలేదు. అది చేయాల్సిన లెక్కే చేస్తోంది, ఆ లెక్క వాడిని అక్కణ్నించి లేచి వెళ్లమంటోంది.

రోల్ ప్లేయింగ్ ఆటలు ఆడేవాళ్లకి ఎక్స్‌పీ అన్న మాట కొత్త కాదు. పోరాటం గెలిచినా, ఇచ్చిన పని పూర్తి చేసినా మన పాత్రకి కొన్ని పాయింట్లు జమ అవుతాయి. జమ ఒక గీత దాటగానే లెవెల్ పెరుగుతుంది, దాంతో బలం పెరుగుతుంది. గీతలన్నీ సమాన దూరంలో ఉండవు. పైకి పోయేకొద్దీ వాటి మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరుగుదలని కాగితం మీద గీస్తే వచ్చే వంపునే ఆట తయారు చేసేవాళ్లు లెవెల్ కర్వ్ అంటారు. మావాడి పికాచూ కర్వ్ చాలా సులువైనది. ఏ లెవెల్‌కి చేరాలన్నా, ఆ లెవెల్ సంఖ్యని ఘనం చేస్తే వచ్చినన్ని ఎక్స్‌పీ మొత్తంగా ఉండాలి. ఐదో లెవెల్‌కి 125, ఆరో లెవెల్‌కి 216, వందో లెవెల్‌కి పది లక్షలు.

ఐదు నుంచి ఆరుకి వెళ్లాలంటే తేడా 91 పాయింట్లు. ఇక పిడ్జీని కొడితే ఎంత వస్తుందో చూడాలి. ఈ ఆటలో ప్రతి జీవికీ ఒక మూల విలువ ఉంటుంది. పిడ్జీది 55. ఆ విలువని ప్రత్యర్థి లెవెల్‌తో గుణించి ఏడుతో భాగిస్తారు. మూడో లెవెల్ పిడ్జీ అయితే 55ని మూడుతో గుణిస్తే 165, ఏడుతో భాగించి భిన్నం వదిలేస్తే 23. నాలుగు పిడ్జీలు 92 ఇస్తాయి. మావాడికి నాలుగు పిట్టలని గుర్తుండటం సరిగ్గానే గుర్తుంది.

ఇప్పుడు 50 నుంచి 51కి వెళ్లాలి. 51 ఘనం 1,32,651. అందులోంచి 50 ఘనం 1,25,000 తీసేస్తే 7,651 మిగులుతుంది. పిడ్జీ మాత్రం ఇంకా 23 పాయింట్లే ఇస్తోంది. అంటే ఒక్క లెవెల్ కోసం 333 పిడ్జీలు. మావాడికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే పెన్సిల్ లాక్కుని మళ్లీ తనే భాగహారం చేశాడు. అంతే వచ్చింది.

ఈ దశలో చాలామంది ఆట కావాలనే మనల్ని కష్టపెడుతోందని అనుకుంటారు. అయితే 50వ లెవెల్ పికాచూ పోరాడాల్సింది మూడో లెవెల్ పిట్టతో కాదు. దానికి తగ్గ జోడీ, 50వ లెవెల్లో ఉండి 150 మూల విలువ ఉన్న జీవి అనుకుందాం. అదే సూత్రంతో దాన్ని ఓడిస్తే 1,071 పాయింట్లు. 7,651 రావడానికి ఎనిమిది పోరాటాలు చాలు. ఐదో లెవెల్లో నాలుగు, 50వ లెవెల్లో ఎనిమిది. తెర మీద ధర 84 రెట్లు పెరిగినట్టు కనిపించింది. చేతికి తగిలిన శ్రమ మాత్రం రెండింతలే అయింది.

ఈ విషయం గురించి నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. ఎక్స్‌పీ సంఖ్య ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలియదు. ఒక పక్క ధర ఉంటుంది, ఇంకో పక్క కూలి ఉంటుంది. ధరని కూలితో భాగిస్తే వచ్చేది పోరాటాల లెక్క, అంటే మన సమయం. ఆట రూపకర్త నిజంగా గీసేది ఆ సమయం వంపునే. ఘనం తీసుకోవడంలో ఉన్న నేర్పు కూడా అక్కడే ఉంది. ఘనాల మధ్య తేడా దాదాపుగా లెవెల్ వర్గానికి మూడు రెట్లు ఉంటుంది. ప్రత్యర్థి ఇచ్చే కూలి ప్రత్యర్థి లెవెల్‌ని బట్టి పెరుగుతుంది. వర్గాన్ని లెవెల్‌తో భాగిస్తే మిగిలేది ఒక్క లెవెల్. కాబట్టి పోరాటాల సంఖ్య ఎక్కంలాగా నిదానంగా పెరుగుతుంది. పైపెచ్చు ముందుకు పోయేకొద్దీ ఎక్కువ మూల విలువ ఉన్న జీవులు ఎదురవుతాయి కనక ఆ పెరుగుదల ఇంకొంచెం మెత్తబడుతుంది.

మరి ధర పెరగకపోతే ఏమవుతుంది? ప్రతి లెవెల్‌కీ 91 పాయింట్లే అనుకోండి. రూట్ 1 గడ్డిలోనే కూర్చుని నాలుగేసి పిడ్జీలని కొడుతూ వందో లెవెల్ దాకా పోవచ్చు. కొండలు, గుహలు, సముద్రం ఏవీ చూడక్కర్లేదు. ముందుకెళ్లిన ఆటగాడి సంగతి ఇంకా అన్యాయం. 1,071 పాయింట్లిచ్చే జీవిని ఒక్కదాన్ని కొడితే ఒకేసారి పదకొండు లెవెల్స్ ఎగిరిపోతుంది. ధర పెరగడం వల్ల పాత చోటు దానంతటదే ఎండిపోతుంది. అక్కడ ఉండొద్దని ఎవరూ చెప్పరు, కంచె కూడా వేయరు. ఉన్నా లాభం లేదని ఆటగాడికే తెలిసొస్తుంది.

ఈ ఆలోచన కంప్యూటర్ ఆటలకంటే పాతది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటని పుస్తకాలుగా అచ్చు వేశారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసుకుంటూ, కథ చెప్పుకుంటూ ఆడే ఆట అది. నేలమాళిగలోంచి నిధి బయటికి తెస్తే బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు చొప్పున లెక్క వేసేవారు. రాక్షసుల్ని చంపినందుకు కూడా వచ్చేవి. యోధుడి పాత్రకి రెండో లెవెల్ 2,000 దగ్గర, మూడోది 4,000 దగ్గర, నాలుగోది 8,000, ఐదోది 16,000, ఆరోది 32,000 దగ్గర. ప్రతిసారీ రెట్టింపు.

ఈ రెట్టింపు వల్ల జరిగే ఒక మేలు చాలామంది గమనించరు. ఆ ఆటలో పాత్రలు తరచుగా చచ్చిపోయేవి. ఐదో లెవెల్లో, 16,000 పాయింట్లతో ఉన్న నలుగురు స్నేహితులు ఆడుతున్నారనుకుందాం. ఒకడి యోధుడు గొయ్యిలో పడి పోయాడు. వాడు కొత్త యోధుణ్ని తయారు చేసుకుని సున్నా నుంచి మొదలుపెట్టాలి. నిధిని అందరూ సమానంగా పంచుకుంటారు. మిగతా ముగ్గురు ఇంకో 16,000 సంపాదించి 32,000తో ఆరో లెవెల్‌కి చేరేసరికి, కొత్తవాడి దగ్గర కూడా 16,000 ఉంటాయి. అంటే వాడు ఐదో లెవెల్లో ఉంటాడు. నాలుగు లెవెల్స్ వెనక మొదలైనవాడు ఒక్క లెవెల్ వెనక దాకా వచ్చేశాడు. అదే లెవెల్‌కి 2,000 చొప్పున సమాన ధర పెట్టి ఉంటే, 16,000 ఉన్నవాళ్లు తొమ్మిదో లెవెల్లో ఉండేవారు, కొత్తవాడు ఒకటిలో. ఇంకో 16,000 తర్వాత వాళ్లు పదిహేడు, వీడు తొమ్మిది. ఎనిమిది లెవెల్స్ అంతరం ఎన్నేళ్లు ఆడినా అలాగే ఉండిపోతుంది. పాత్ర పోయినవాడు మర్నాటి నుంచి ఆటకి రావడం మానేస్తాడు. నలుగురు కలిసి ఆడే ఆటకి అంతకంటే పెద్ద నష్టం లేదు. పై మెట్లు ఎత్తుగా ఉండటమంటే వెనకబడినవాడికి చేయి అందించడం కూడా అని నాకు ఈ లెక్క చేశాకే అర్థమైంది.

అయితే రెట్టింపుని ఎక్కడో ఒకచోట ఆపాలి, లేకపోతే అది చక్రవడ్డీలా మీద పడుతుంది. ఆ మొదటి పుస్తకాల్లో యోధుడి తొమ్మిదో లెవెల్ 2,40,000 దగ్గర ఉంది. అక్కణ్నించి రెట్టింపు చేసుకుంటూ పోతే ఇరవయ్యో లెవెల్‌కి 49 కోట్లు దాటుతుంది. అందుకే తొమ్మిది తర్వాత ప్రతి లెవెల్‌కీ 1,20,000 అని స్థిరంగా పెట్టేశారు. అంటే ఆ వంపు చివర్లో తిన్నని గీత అయిపోతుంది.

చక్రవడ్డీ పద్ధతిని చివరిదాకా లాగిన ఆట కూడా ఉంది. 2001లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ‘రూన్‌స్కేప్’లో కట్టెలు కొట్టడం, చేపలు పట్టడం, వంట చేయడం, ప్రతి నైపుణ్యానికీ మొదట్లో విడిగా 99 లెవెల్స్ ఉండేవి. దాదాపు ప్రతి ఏడు లెవెల్స్‌కీ కావాల్సిన మొత్తం రెట్టింపవుతుంది. 99వ లెవెల్‌కి 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి. 92వ లెవెల్‌కి 65,17,253. రెండోదాన్ని రెండుతో గుణించి చూడండి. 92కి చేరినవాడు సగం దూరమే వచ్చాడన్నమాట. ఆ ఆటగాళ్ల మధ్య తొంభై రెండే సగం అన్నది ఒక నానుడిలా మిగిలిపోయింది. పికాచూ ఘనంలో సగం, అంటే ఐదు లక్షలు, 79, 80 లెవెల్స్ మధ్య పడుతుంది. రెండు ఆటల్లోనూ పై లెవెల్స్‌కి ఎక్కువే కావాలి. కాని ఆ ఎక్కువ ఎలాంటిదో సగం ఎక్కడ పడిందో చూస్తే తెలిసిపోతుంది. కొత్త ఆట మొదలుపెట్టినప్పుడు నేను మొదట వెతికేది ఈ సగం చోటునే.

వంపు ఎక్కడ బెసుకుతుందో చూడటానికి మళ్లీ పికాచూ దగ్గరికే వెళ్దాం. ఈ ఆటలో కథ ముగిసే చోట ఎదురయ్యే ఛాంపియన్ దగ్గరున్న అతి పెద్ద పోకెమాన్ 65వ లెవెల్ది. అంటే కూలికి అక్కడ దాదాపు కప్పు పడిపోయింది. ధర మాత్రం వంద దాకా పెరుగుతూనే ఉంటుంది. 65వ లెవెల్లో ఉన్న, 150 మూల విలువ ఉన్న ప్రత్యర్థి 1,392 ఇస్తుంది. 65 నుంచి 66కి కావాల్సింది 12,871, అంటే పది పోరాటాలు. 99 నుంచి 100కి కావాల్సింది 29,701. ప్రత్యర్థి అదే కాబట్టి ఇరవై రెండు పోరాటాలు. ఇదే చోట ఆటగాళ్లకి విసుగు మొదలవుతుంది. చేసిందే చేస్తూ గానుగెద్దులా తిరగడాన్ని వాళ్లు గ్రైండింగ్ అంటారు. ధర పెరగడం తప్పు కాదు. ధరతోపాటు కొత్త చోట్లు, కొత్త ప్రత్యర్థులు పెరగకపోవడమే తప్పు.

డబ్బులకి ‘రెట్టింపు ఎక్స్‌పీ’ అమ్మే కొన్ని ఫోన్ ఆటల్లో ఈ తప్పుని పొరపాటున కాక, కావాలని పెడతారని నా అభిప్రాయం. పసిగట్టడం కష్టమేమీ కాదు. వరసగా ఐదారు లెవెల్స్‌కి, మీ స్థాయికి తగ్గ పోరాటాలు ఎన్ని పట్టాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది, పది అని వస్తే ఆట సవ్యంగా నడుస్తోంది. తొమ్మిది, పది తర్వాత ఒక్కసారిగా నలభై వచ్చి, సరిగ్గా ఆ మలుపులోనే తెర మీద కొనుక్కోమనే బొమ్మ మెరిస్తే, ఆ గోడ ఎవరి కోసం కట్టారో తెలుస్తుంది. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే తల్లిదండ్రులు ఈ చిన్న లెక్క నేర్చుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పై లెవెల్‌కి ఎక్కువ ఎక్స్‌పీ అన్నది అన్ని ఆటల్లోనూ లేదు కూడా. జపాన్‌లో 1990లో మొదలైన ‘ఫైర్ ఎంబ్లమ్’ ఆటల్లో ఏ లెవెల్‌కైనా ధర 100 పాయింట్లే. కాని నీ లెవెల్ పెరిగేకొద్దీ నీకంటే చిన్న శత్రువు ఇచ్చే కూలి తగ్గిపోతుంది. ధర పెంచినా, కూలి తగ్గించినా భాగహారంలో వచ్చే జవాబు ఒకే దిక్కుకి పోతుంది. చూసేవాడికి మాత్రం రెండూ ఒకటి కావు. గల్లాపెట్టె ఏడు వేల దాకా నిండటం చూస్తుంటే ఒక సంబరం ఉంటుంది. నిన్న ముప్ఫై ఇచ్చిన శత్రువు ఇవాళ రెండే ఇస్తే మనసు చివుక్కుమంటుంది. ఎక్కువ ఆటలు ధర పెంచే దారినే పట్టడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది.

ఇక పోకెమాన్‌లోనే ఇంకో వంపు ఉంది, దాని కథ చెప్పకుండా ఉండలేను. అన్ని జీవులూ పికాచూలా శుద్ధ ఘనం మీద నడవవు. తొలి ఆటల్లో, అంటే జపాన్‌లో 1996లో వచ్చిన వాటి నుంచీ, మొదట మనకిచ్చే బల్బసార్, చార్మాండర్, స్క్విర్టిల్ అనే మూడింటికీ, మ్యూ అనే అరుదైన జీవికీ వేరే సూత్రం పెట్టారు. లెవెల్‌ని n అనుకుంటే:

```
6/5 n^3 - 15 n^2 + 100 n - 140
```

దీని ఉద్దేశం మంచిది. ఆట మొదట్లో చకచకా పెరగాలి, చివర్లో కాస్త నిదానించాలి. ఐదు నుంచి ఆరుకి పికాచూకి 91 కావాలి, వీటికి 44 చాలు. బల్బసార్ రూపం మారే 16వ లెవెల్‌కి శుద్ధ ఘనం ప్రకారం 4,096 కావాల్సింది, ఈ సూత్రంతో 2,535కే వచ్చేస్తుంది. కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటి రోజుల్లోనే ఆ మార్పు చూసే భాగ్యం దక్కుతుంది. ఆ అప్పు చివర్లో తీర్చాలి. వందో లెవెల్‌కి పది లక్షలకి బదులు 10,59,860.

కాని n చోట ఒకటి వేసి చూడండి. ఐదో వంతు అనే చిన్న భిన్నం వదిలేసి పూర్ణాంకాల్లో లెక్కేస్తే, ఒకటి మైనస్ పదిహేను ప్లస్ వంద మైనస్ నూట నలభై. మైనస్ 54 వస్తుంది. ఆ ఆటలో ఎక్స్‌పీని దాచే చోటుకి మైనస్ అన్న గుర్తే లేదు. అందులో పట్టే సంఖ్యలు సున్నా నుంచి 1,67,77,215 దాకా మాత్రమే. పాత స్కూటర్ మీటర్ సున్నా దగ్గరున్నప్పుడు వెనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులు పడ్డట్టు, మైనస్ 54 కాస్తా 1,67,77,162గా మారిపోతుంది. మామూలుగా ఆడితే ఒకటో లెవెల్ జీవి మనకి దొరకదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆటలోని ఇంకో లొసుగుని వాడుకుని ఒకటో లెవెల్ మ్యూని పట్టినవాళ్లకి తెలిసింది. దాంతో ఒక చిన్న పోరాటం గెలిచి 54 కంటే తక్కువ పాయింట్లు తెచ్చుకోగానే ఆట లెక్క చూసుకుంటుంది. కోటి అరవై లక్షలకి పైగా కనిపిస్తాయి. వందో లెవెల్‌కి కావాల్సింది పదిన్నర లక్షలే కదా అని, ఒకటో లెవెల్ మ్యూని ఏకంగా వందో లెవెల్లో కూర్చోబెడుతుంది. 54గానీ అంతకంటే ఎక్కువగానీ వస్తే మీటర్ మళ్లీ సున్నా దాటి మామూలు దారిలో పడుతుంది, ఏ అద్భుతమూ జరగదు. మూడో తరం ఆటల నుంచి ఇలా సూత్రం మీద ఆధారపడకుండా లెవెల్‌కో సంఖ్య చొప్పున పట్టిక రాసి పెట్టుకున్నారు.

మావాడికి ఇదంతా చెప్పడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. మ్యూ కథ విని కళ్లింత చేసుకున్నాడు గానీ, వాడి అసలు ప్రశ్న మారలేదు.

“మరి పిట్టలొద్దంటే నేనెక్కడికి పోవాలి మామయ్యా?”

ఛాంపియన్‌కి ముందు నలుగురు ఉంటారు, ఎలీట్ ఫోర్ అంటారు. వాళ్లలో మొదటామె పేరు లోరెలై. ఆమె దగ్గరున్నవి నీళ్లలో, మంచులో తిరిగే జీవులు. కరెంటు కొట్టే పికాచూకి అంతకంటే అనుకూలమైన జోడీ లేదు. ఆమె మొదట దించేది 54వ లెవెల్ డ్యూగాంగ్. దాని మూల విలువ 176. పైగా ఒకరు పెంచుకున్న పోకెమాన్‌ని ఓడిస్తే అడవిలో దొరికేదానికి ఒకటిన్నర రెట్లు వస్తుంది. వాడే కాగితం తీసుకున్నాడు. 176ని 54తో గుణించాడు, ఏడుతో భాగించాడు, సగం కలిపాడు. 2,035 వచ్చింది. కింద 7,651 వేసి మళ్లీ భాగించాడు.

“నాలుగు!” అన్నాడు. గేమ్‌బాయ్ తీసుకుని రూట్ 1 గడ్డిలోంచి పికాచూని బయటికి నడిపించాడు.